నాలుగు వరుసల యాత్ర ప్రకటన

"కాశీ, ప్రయాగ, గయ, అయోధ్య. 7 రోజులు. అడ్వాన్స్ రూ. 5,000 మాత్రమే." వాట్సాప్‌లో ఇలాంటి ప్రకటన కనిపించగానే వేలికి దొరికిన క్యాలెండర్ తీసి లెక్కేయాలి.

సికింద్రాబాద్‌లో ఉదయం రైలెక్కితే కాశీ చేరేది మర్నాడు మధ్యాహ్నం తర్వాతే. తిరుగు ప్రయాణమూ అంతే కాబట్టి ఆరో రోజు మధ్యాహ్నానికి మళ్లీ స్టేషన్‌లో ఉండాలి. చేతికి నిండుగా మిగిలేవి మూడు రోజులు. గయ కాశీకి సుమారు 250 కిలోమీటర్లు, అయోధ్య 200, ప్రయాగ 120. ఒక్కోదానికి ఒక్కో రోజు పోతే, కాశీకి మిగిలేది రెండో రోజు గంగా హారతి, ఆరో రోజు ఉదయం విశ్వనాథుడి దర్శనం. ప్రకటనలో ముందున్న ఊరికే అందరికన్నా తక్కువ సమయం! గయలో పిండప్రదానం పెట్టుకునేవాళ్లకు ఆ రోజు ఇంకా ఇరుకు.

అడ్వాన్స్ వరుసలో "మాత్రమే" అన్న మాట కన్నా గడువు తేదీ ముఖ్యం. మంచి ప్రకటన ఇలా ఉంటుంది: "బయలుదేరేది ఫలానా తేదీ ఉదయం, తిరిగి చేరేది ఫలానా తేదీ రాత్రి. కాశీలో నాలుగు రాత్రుల బస. మిగతా సొమ్ము ప్రయాణానికి 20 రోజుల ముందు. 30 రోజుల ముందు మానుకుంటే అడ్వాన్స్ వాపసు. పూజల ఖర్చు యాత్రికులదే." టికెట్ వెయిటింగ్ లిస్ట్‌లోనే ఆగిపోతే డబ్బు సంగతేమిటో కూడా రాసినవాళ్లయితే, నేనైతే వాళ్లకే ముందు ఫోన్ చేస్తాను. రశీదు మీదా అవే షరతులు ఉండాలి.