వీసా ఆలస్యమైతే యూనివర్సిటీకి ఏం రాయాలి?

ఎఫ్-1 వీసా మీద అమెరికా వెళ్లే విద్యార్థి ఐ-20 పత్రంలో కోర్సు మొదలయ్యే తేదీ ఉంటుంది. ఆ తేదీకి 30 రోజుల ముందు నుంచి దేశంలో అడుగుపెట్టవచ్చు. తేదీ దాటాక యూనివర్సిటీ అనుమతి లేకుండా విమానమెక్కితే మాత్రం దిగిన చోటే చిక్కు. అందువల్ల వీసా ఆలస్యమైన విద్యార్థి రాసే మెయిల్ మర్యాదకు చెప్పే క్షమాపణ కాదు, ఒక అనుమతి కోసం పెట్టుకునే దరఖాస్తు.

ఆలస్యం ఒక్కోసారి ఇంటర్వ్యూ స్లాట్ దొరక్క వస్తుంది. ఇంకోసారి ఇంటర్వ్యూ అయ్యాక వస్తుంది. అధికారి 221(జి) అని రాసిన కాగితం చేతికిచ్చి, మరికొన్ని పత్రాలు పంపమనో, పరిశీలన మిగిలి ఉందనో చెబుతారు. ఆ రాత్రి వెబ్‌సైట్‌లో స్థితి చూస్తే Refused అని కనబడుతుంది. ఇంట్లో అందరికీ గుండె జారిపోతుంది. ఫైలు ఇంకా తెరిచే ఉన్నా, 221(జి) కింద ఆగినవాటికి అక్కడ ఆ మాటే కనిపిస్తుంది. విద్యార్థి ఆ ఒక్క మాటను పట్టుకుని మెయిల్లో పెడితే, చదివినవారు కథ ముగిసిందనుకుంటారు. ‘221(జి) కింద అదనపు పరిశీలనలో ఉంది, తుది నిర్ణయం రాలేదు’ అని విడమరిచి రాయాలి.

ఎవరికి రాయాలన్నది తర్వాతి సంగతి. మనవాళ్లు చాలామంది ముందు ప్రొఫెసర్‌కు రాస్తారు. క్లాసులకు ఆలస్యంగా రానివ్వడం డిపార్ట్‌మెంట్ చేతిలో పని. ఆ విషయం చూసేది సాధారణంగా గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్. ఐ-20 మీద తేదీ మార్చగలిగేది మాత్రం అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని డీఎస్‌ఓ అనే అధికారి. ప్రొఫెసర్ ఎంత మంచి మనిషైనా ఆ తేదీని కదపలేరు. కాబట్టి ఒకే మెయిల్ ఇద్దరికీ వెళ్లాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కోర్సు ఆగస్టు 24న మొదలవుతుంది. గుంటూరు విద్యార్థికి హైదరాబాద్ కాన్సులేట్‌లో జులై 28న ఇంటర్వ్యూ జరిగి 221(జి) కాగితం వచ్చింది. అడిగిన పత్రాలు 30న పంపాడు. ఆగస్టు మొదటి వారం గడిచినా కదలిక లేదు. అతను రాయాల్సిన మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే దాదాపు ఇలా ఉంటుంది:

‘ఈ ఫాల్‌లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌లో చేరాల్సిన విద్యార్థిని. జులై 28న వీసా ఇంటర్వ్యూ అయింది. దరఖాస్తు 221(జి) కింద పరిశీలనలో ఉంది. అడిగిన పత్రాలు 30న పంపాను. నిర్ణయం ఎప్పుడొస్తుందో కాన్సులేట్ చెప్పలేదు. ఆగస్టు 24లోపు చేరలేకపోవచ్చు. నేను రావడానికి మీరు అనుమతించే ఆఖరి తేదీ ఏది? ఆలస్యంగా చేరడానికి అనుమతి లేఖ ఇవ్వగలరా? ఆ తేదీకీ వీసా రాకపోతే ప్రవేశాన్ని స్ప్రింగ్‌కు మార్చుకోవచ్చా?’

ఇందులో క్షమాపణలు లేవు, ఇంటి కష్టాలు లేవు. తేదీలున్నాయి, మూడు ప్రశ్నలున్నాయి. ‘దయచేసి తగిన చర్య తీసుకోగలరు’ అని ముగించే మన అలవాటు అక్కడ పనిచేయదు. ఏ చర్య కావాలో చెప్పని మెయిల్‌కు జవాబు కూడా అలాగే, ఎటూ తేలకుండా వస్తుంది.

సబ్జెక్ట్ లైన్‌లో పేరు, విద్యార్థి నంబరు, కోర్సు ఉండాలి. పేరు ఐ-20లో ఉన్నట్టే రాయాలి. ఇంటిపేరు ముందు పెట్టడం తెలుగువాళ్లకు అలవాటు. యూనివర్సిటీ రికార్డులో అది చివర ఉంటుంది కనుక, తిరగేసి రాస్తే అవతలివాళ్లు ఫైలు వెతుక్కోవాల్సి వస్తుంది. 221(జి) కాగితం స్కాన్ జతచేస్తే చాలు.

మెయిల్ ఆగస్టు 23 దాకా ఆగకూడదు. ఆలస్యంగా వచ్చేవారికి ప్రతి యూనివర్సిటీకీ ఒక గడువు ఉంటుంది. అది సాధారణంగా కోర్సులు మార్చుకునే గడువుకు దగ్గరగా ఉంటుంది. అది దాటితే ప్రవేశాన్ని తర్వాతి సెమిస్టర్‌కు మార్చుకోవడమే దారి. పాత సెవిస్ నంబర్ మీదే డీఎస్‌ఓ తేదీ మారిస్తే, కట్టిన 350 డాలర్ల ఫీజు మళ్లీ కట్టనక్కర్లేదు. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ మాత్రం సీటుతోపాటు దానంతటదే స్ప్రింగ్‌కు మారుతుందనుకోకూడదు. ఆ సంగతి విడిగా అడగాలి.

అనుమతి వచ్చి, వీసా ముద్ర పడ్డాక, తేదీ మార్చిన ఐ-20నీ అనుమతి లేఖనూ అచ్చు తీసి చేతి సంచిలో పెట్టుకోవాలి. అమెరికాలో దిగాక ఇమిగ్రేషన్ దాటితేనే పెద్ద సూట్‌కేసు చేతికి వస్తుంది.