రెండేళ్ల నెలవారీ అమ్మకాలు: రేఖాచిత్రమా, కమ్మీ చిత్రమా?

1786లో విలియం ప్లేఫేర్ తన వాణిజ్య పటసంపుటిలో ఇంగ్లండు ఎగుమతి, దిగుమతులను ఏళ్ల వరుసలో గీతలుగా చూపాడు. స్కాట్లండుకు ఒక్క ఏడాది లెక్కలే దొరకడంతో కమ్మీలు గీశాడు. కాలక్రమం ఉన్నచోట గీత, లేనిచోట కమ్మీ అన్న విచక్షణ అక్కడే కనిపిస్తుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మకాలను తీసుకుందాం. కొత్త పంట ప్రధానంగా ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల మధ్య వస్తుంది. వానాకాలంలో రాక పలచబడుతుంది. 24 నెలలకు 24 కమ్మీలు నిలబెడితే కన్ను ఒక్కొక్క ఎత్తునూ విడిగా కొలుస్తుంది, ఎగుడుదిగుళ్ల వరుస చెదిరిపోతుంది. ఒకే గీతగా గీస్తే రెండు శిఖరాలు స్పష్టమవుతాయి గాని, ఈ మార్చి నిరుటి మార్చి కన్నా మెరుగో కాదో సులువుగా తేలదు. అందుచేత అడ్డు అక్షంపై 12 నెలలే ఉంచి, ఏడాదికొక గీత చొప్పున రెండు గీయడమే మేలని నా అభిప్రాయం.

ఏదో ఒక నెల పరిమాణమే ముఖ్యమైతే కమ్మీలు తగినవి. అయితే వాటి పాదం సున్నా వద్దే ఉండాలి. మార్చి అమ్మకం 40 వేల బస్తాల నుంచి 44 వేలకు పెరిగిందనుకుందాం. అక్షాన్ని 36 వేల వద్ద మొదలుపెడితే రెండో కమ్మీ మొదటిదానికి రెట్టింపు ఎత్తుంటుంది. నిజమైన పెరుగుదల 10 శాతమే. గీతకు ఈ నిర్బంధం అంతగా లేదు. దాని ప్రమాదం వేరు: లెక్క దొరకని నెల మీదుగా గీతను కలిపితే, తెలియని అమ్మకం తెలిసినట్లు కనిపిస్తుంది. అక్కడ గీతను తెంచి ఖాళీ వదలాలి.