39 పేజీలు, 10 నిమిషాలు

పిల్లలకు చదువు బాగా వస్తే టీచరుకు బోనస్ ఇస్తామంటే, పిల్లల చదువు నిజంగానే బాగుపడుతుందా? కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న పట్టుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద ప్రయోగమే చేశారు. రెండేళ్ల ఫలితాలు 2011లో ‘జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ’లో అచ్చయ్యాయి. పేపరు 39 పేజీలు. ఒక పీజీ విద్యార్థిని ఈ పేపరు మీద కాన్ఫరెన్స్ పద్ధతిలో పది నిమిషాలు మాట్లాడమన్నారనుకుందాం. ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి?

చాలామంది చేసే పని ఒకటే. పేపర్లో ఉన్న హెడ్డింగులన్నీ వరసగా రాసుకుని తలా ఒక స్లైడు వేస్తారు. ఉపోద్ఘాతం, గత పరిశోధనలు, సిద్ధాంతం, ప్రయోగ పద్ధతి, డేటా, ఫలితాలు, సరిచూసుకున్న తీరు, విధాన సూచనలు, ముగింపు. తొమ్మిదీ పెడితే ఒక్కోదానికి నిమిషం పైచిలుకు వస్తుంది. అసలు ఫలితానికీ అంతే సమయం, పాత పేపర్ల జాబితాకీ అంతే సమయం. వినేవాళ్లకు ఏది ముఖ్యమో తెలియకుండానే చైర్‌లో కూర్చున్నాయన బెల్లు కొడతాడు.

చదివే మనిషికి అనుమానం వస్తే పేజీ వెనక్కి తిప్పుకుంటాడు. అందుకే పేపరు ప్రతి అనుమానానికీ ఎక్కడో ఒకచోట జవాబు దాచి ఉంచుతుంది. వినే మనిషికి వెనక్కి తిప్పుకునే వీలు లేదు. కాబట్టి హెడ్డింగుల జాబితా పక్కన పడేసి, విన్నవాడు భోజనాల దగ్గర పక్కవాడికి చెప్పగలిగే ఒక్క వాక్యం ముందు రాసుకోవాలి. ఈ పేపరుకు నేనైతే ఇలా రాస్తాను: ‘బోనస్ పెట్టిన బళ్లలో పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకెళ్లారు, అది బట్టీ చదువు కాదు.’ ఇక ప్రతి భాగాన్నీ ఒకే ప్రశ్న అడగాలి: నువ్వు లేకపోతే ఈ వాక్యం అర్థం కాకుండా పోతుందా, లేక ఎవరూ నమ్మకుండా పోతారా? రెండూ కాదంటే దానికి పదినిమిషాల్లో చోటు లేదు.

ఈ ప్రశ్నకు మొదట పడిపోయేది గత పరిశోధనల సమీక్ష. టీచర్ల జీతాన్ని ఫలితాలతో ముడిపెట్టడం గురించి ఇంతకుముందు ఎవరెవరు ఏమన్నారో తెలియకపోయినా పై వాక్యం అర్థమవుతుంది. ‘బోనస్ పెడితే టీచర్లు పరీక్షకే చదువు చెబుతారన్న భయం ఎప్పట్నుంచో ఉంది’ అని నోటితో ఒక్క ముక్క చెబితే చాలు. తర్వాత పోయేది సిద్ధాంతం. బోనస్ టీచరు శ్రమను ఎటు మళ్లిస్తుందో చూపించే ఆ సమీకరణాలు పేపరుకు బలం. తెర మీద పెడితే మాత్రం జనం వాటిని చదవడంలో పడతారు, మాట్లాడేవాడి మాట వినరు. కులం, లింగాన్ని బట్టి ఫలితం ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న పట్టికలు కూడా తీసెయ్యొచ్చు. అక్కడ పెద్ద తేడాలేమీ బయటపడలేదు. తేడా లేదన్నది కూడా ఫలితమే అని వాదించేవాళ్లుంటారు. నిజమే, కానీ అది గంట ఉపన్యాసంలో చెప్పుకోవలసిన ఫలితం.

తియ్యకూడనిది ప్రయోగ పద్ధతి. తొందరలో చాలామంది కుదించేది దీన్నే. ‘ర్యాండమ్‌గా ఎంపిక చేశారు’ అని ఒక్క మాటతో దాటేస్తే తర్వాత చూపించే అంకెల్ని ఎందుకు నమ్మాలో వినేవాడికి తెలియదు. ఈ ప్రయోగానికి ఒక సౌలభ్యం ఉంది, మొత్తం పద్ధతి ఒక్క బొమ్మలో ఇమిడిపోతుంది. ఐదు జిల్లాలు, జిల్లాకు పది మండలాలు, మండలానికి పది బళ్లు, వెరసి 500. ప్రతి మండలంలోని పది బళ్లనూ లాటరీ తీసి ఐదు జతలు చేశారు. ఒక జతలో ప్రతి టీచరుకూ తన పిల్లల ఫలితాన్ని బట్టి విడిగా బోనస్. ఇంకో జతలో బడి మొత్తం ఫలితాన్ని బట్టి అందరు టీచర్లకూ సమానంగా. మూడో జతకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. నాలుగో జతకు సామగ్రి కొనుక్కోవడానికి నగదు. ఐదో జతకు ఏమీ లేదు. స్లైడు మీద 500 బళ్లు గీయక్కర్లేదు. ఒక్క మండలం చాలు: పది చతురస్రాలు, ఐదు రంగులు, కింద ‘ఇలాంటివి 50’ అని ఒక్క ముక్క. పేపర్లో పేజీలు పట్టిన విషయం నిమిషంన్నరలో చెప్పెయ్యొచ్చు. పక్క ఊళ్లోని బడితోనే పోల్చారు కనుక ‘ఆ జిల్లా ముందునుంచీ బాగానే చదువుతుందేమో’ అన్న అనుమానం కూడా ఆ బొమ్మతోనే తీరిపోతుంది.

బోనస్ లెక్కకు ఒక స్లైడు ఇవ్వడం అవసరం. బోనస్ అనగానే వినేవాళ్లలో ఒక్కొక్కరూ ఒక్కో మొత్తం ఊహించుకుంటారు. మొదటి ఏడాది సూత్రం ఇది: సగటు మార్కులు 5 శాతం పెరిగేదాకా ఏమీ రాదు, ఆపైన పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు. సూత్రాన్ని అక్షరాల్లో పెట్టేకన్నా ఒక ఉదాహరణ వెయ్యడం మేలు: సగటు 10 శాతం పెరిగితే 500 ఇంటూ 5, అంటే 2,500. ఏడాది మొత్తానికి ఇంతేనా అని వినేవాడు ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం మీదే తర్వాతి స్లైడు నిలబడుతుంది.

ఆ తర్వాతి స్లైడు ఫలితం. పేపర్లోని పట్టికను ఫోటో తీసి అతికించడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పట్టికలో పది పన్నెండు అంకెలు, వాటి కింద కుండలీకరణాల్లో ఇంకో పది పన్నెండు, పక్కన చుక్కలు. అందులోంచి రెండే తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత బోనస్ బళ్ల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. రెండు కడ్డీల బొమ్మ, ప్రతి కడ్డీకీ అనిశ్చితి ఎంతో చూపించే గీత. పైన ‘ఫలితాలు’ అన్న హెడ్డింగు కాదు, పూర్తి వాక్యం: ‘రెండేళ్లలో లెక్కలు 0.27, భాష 0.17 మెరుగు.’

అయినా 0.27 అంటే ఎంత? అర్థశాస్త్రం తెలిసినవాళ్లకు ఫర్వాలేదు, మిగతావాళ్లకు అది ఉత్త అంకె. మార్కులు గంట ఆకారపు వక్రరేఖలా పరుచుకున్నాయనుకుంటే లెక్క సులభం. బోనస్ లేని బళ్ల పిల్లల్ని వందమందిని మార్కుల వరసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో నిలబడే పిల్లవాడు లెక్కల్లో 0.27 పెరిగితే దాదాపు అరవై మందిని దాటి నిలబడతాడు. భాషలో 0.17కి దాదాపు యాభై ఏడు మందిని. ఈ రెండు వాక్యాలకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం కోసం ఇంకెక్కడైనా కోత పెట్టొచ్చు, ఇక్కడ పెట్టకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. విడి బోనస్ మేలా, ఉమ్మడి బోనస్ మేలా అన్న పోలిక ఈ పేపర్లో ఆసక్తికరమైన భాగం. మొదటి ఏడాది రెండూ సమానంగా పనిచేశాయి, రెండో ఏడాది విడి బోనస్ ముందుకెళ్లింది. మనం రాసుకున్న వాక్యానికి ఇది అవసరం లేదు కాబట్టి తీసెయ్యాలి. తీసేశాక ఒక ప్రమాదం వస్తుంది. 0.27 అన్నది రెండు రకాల బోనస్ బళ్లనూ కలిపి తీసిన అంకె. పోలిక స్లైడు పోతే ఆ సంగతి కూడా పోతుంది, వినేవాడు అది ఏదో ఒక్క పథకం ఫలితమనుకుంటాడు. ఒక భాగం తీసేటప్పుడు మిగిలిన అంకెల అర్థం మారుతోందేమో చూసుకోవాలనేది ఇందుకే. ఇక్కడ మందు చిన్నదే: ఫలితాల స్లైడు కింద ‘రెండు రకాల బోనస్ కలిపి’ అని ఒక ముక్క. భాగాన్ని తీసెయ్యొచ్చు, షరతును తీసెయ్యకూడదు. ఫలితం రెండేళ్లదే అన్న సంగతికీ ఇదే వర్తిస్తుంది.

ఫలితం చూపగానే హాల్లో లేచే మొదటి చెయ్యి అడిగేది ‘బట్టీ పట్టించారేమో’ అనే. ప్రశ్న వచ్చేదాకా ఆగకుండా తర్వాతి స్లైడే దానికి కేటాయించాలి. పేపర్లో రెండు ఆధారాలున్నాయి. ప్రశ్నపత్రంలో పాఠంలో ఉన్నట్టే అడిగిన ప్రశ్నలూ ఉన్నాయి, విషయం అర్థమైతేనే రాయగలిగేవీ ఉన్నాయి. పిల్లలు రెండింట్లోనూ మెరుగయ్యారు. పైగా బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా వాళ్లు ముందే ఉన్నారు. సమయం ఒక్కదానికే ఉంటే నేను రెండోదాన్నే ఉంచుతాను. మొదటిదానికి ఏది ఏ రకం ప్రశ్నో వివరించాలి. రెండోది చెప్పగానే తెలిసిపోతుంది.

ఆ తర్వాత టీచర్లు ఏం మార్చుకున్నారన్నది. బోనస్ కోసం బడికి ఎక్కువగా వచ్చి ఉంటారని ఎవరైనా అనుకుంటారు. చెప్పకుండా వెళ్లి చూసిన తనిఖీల్లో గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లో అదనపు తరగతులు పెట్టామని, హోంవర్కు ఎక్కువిచ్చామని, నమూనా పరీక్షలు రాయించామని టీచర్లు చెప్పారు. పేపర్లో ఇది నడిమధ్య ఎక్కడో ఉంటుంది. ప్రసంగంలో మాత్రం జనానికి గుర్తుండేది ఇదే. పేపర్లో ఎంత చోటు దక్కిందన్నదాన్ని బట్టి స్లైడు సమయం పంచకూడదని నేననేది ఇలాంటివి చూశాకే.

మిగిలింది కాంట్రాక్టు టీచరు, నగదు ఇచ్చిన బళ్లతో పోలిక. దాదాపు అంతే ఖర్చుకు బోనసే ఎక్కువ ఫలితమిచ్చింది. ఇది ఉండాలా వద్దా అన్నది ఎదురుగా ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. విద్యాశాఖ అధికారులైతే వాళ్లకు కావలసింది ఇదే, ఎందుకంటే డబ్బు ఎక్కడ పెట్టాలన్నది వాళ్ల పని. అప్పుడు టీచర్లు ఏం మార్చుకున్నారన్న స్లైడును ఒక్క వాక్యానికి దించాలి. అర్థశాస్త్ర విద్యార్థులైతే టీచర్ల ప్రవర్తనను ఉంచి, ఖర్చు పోలికను వెనక్కి నెట్టొచ్చు.

లెక్క వేస్తే ప్రశ్నకు నిమిషం, మండలం బొమ్మకు నిమిషంన్నర, బోనస్ సూత్రానికి నిమిషం, ఫలితానికి రెండు, బట్టీ అనుమానానికి నిమిషంన్నర, టీచర్లకు ఒకటి, ఖర్చు పోలికకు ఒకటి, చివరి స్లైడుకు అర నిమిషం. మొత్తం తొమ్మిదిన్నర. ఆ పదినిమిషాల్లో ప్రశ్నలు కూడా కలిసే ఉన్నాయా, వేరుగా ఇస్తారా అన్నది ముందే కనుక్కోవాలి. కలిసే ఉంటే ఖర్చు పోలిక గాని, టీచర్ల స్లైడు గాని పోవాలి.

గడియారం పెట్టుకుని పైకి చదువుకుంటే ఈ లెక్క తప్పని తేలొచ్చు. కళ్లతో చదువుకుంటే ఎప్పుడూ సమయం మిగిలినట్టే కనిపిస్తుంది. పదకొండు నిమిషాలు పడితే వేగంగా మాట్లాడి సరిపెట్టడం తప్పుదారి. ముందు బలయ్యేది ఫలితాల స్లైడు మీద ఆ అర నిమిషమే. ఒక స్లైడు మొత్తంగా తీసెయ్యడమే సరైన పని.

తీసేసిన స్లైడ్లను చెరిపెయ్యక్కర్లేదు. చివరి స్లైడు తర్వాత సిద్ధాంతం, కులం-లింగం పట్టిక, విడి-ఉమ్మడి బోనస్ పోలిక వరసగా పెట్టుకుని, వాటి నంబర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. పవర్‌పాయింట్ ప్రదర్శన నడుస్తుండగా స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడుకే వెళ్తుంది. ‘విడిగా ఇస్తే మేలా, కలిపి ఇస్తే మేలా?’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 11 కొట్టి ఎంటర్ నొక్కితే బొమ్మ తెర మీదకు వస్తుంది.