చెల్లించని కౌలు, కట్టని వడ్డీ: సాగు ఖర్చు లెక్కలో ఎందుకు వేసుకోవాలి?

సొంత భూమికి ఎవరికీ కౌలు ఇవ్వం. సొంత డబ్బుకు ఎవరికీ వడ్డీ కట్టం. అందుకే జమా ఖర్చుల పుస్తకంలో ఈ రెండూ కనిపించవు, కనిపించకూడదు కూడా. చేతులు మారని డబ్బును పుస్తకంలో రాస్తే నిల్వ లెక్క కుదరదు. కానీ క్వింటా ధాన్యం పండించడానికి ఎంత పడిందో తెలుసుకునే ఖర్చు పట్టికలో మాత్రం వీటిని తప్పకుండా వేసుకోవాలి. ఆ భూమిని వేరొకరికి కౌలుకిచ్చినా, ఆ డబ్బును బ్యాంకులో వేసినా మీకు కొంత వచ్చేది కదా. సాగు చేసినందుకు వదులుకున్న ఆ రాబడినే ఇక్కడ ఖర్చుగా లెక్కిస్తాం.

ఒక ఉదాహరణ చూద్దాం. శామీర్‌పేట వైపు రెండెకరాల సొంత భూమి ఉన్న రైతు వానాకాలంలో వరి వేశారనుకోండి. ఎకరానికి విత్తనం, దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ అన్నీ కలిపి చేతి నుంచి 31,000 రూపాయలు పోయాయి. మోటారు, పైపుల అరుగుదల 2,000. ఈ అరుగుదల పుస్తకంలోనే ఉంటుంది, ఎందుకంటే వాటిని కొన్నప్పుడు నిజంగా డబ్బు పెట్టారు. దిగుబడి 24 క్వింటాళ్లు. 2024-25 సాధారణ రకం మద్దతు ధర 2,300 చొప్పున 55,200 వచ్చింది. పుస్తకం ప్రకారం లాభం 22,200.

ఇప్పుడు ఖర్చు పట్టిక. ముందుగా ఇంటివాళ్లు చేసిన పని 12 రోజులు, రోజుకు 500 చొప్పున 6,000. ఇదీ పుస్తకంలో లేనిదే.

తర్వాత కౌలు. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల భూముల ధర ప్లాట్ల లెక్కన నడుస్తోంది. ఎకరం కోటి రూపాయలు అనుకుని 6 శాతం వడ్డీ వేస్తే ఏడాదికి 6 లక్షలు అవుతుంది. ఏ వరి పంటా దాన్ని మోయలేదు. అది రియల్ ఎస్టేట్ లెక్క, సాగు లెక్క కాదు. మీ ఊళ్లో అలాంటి నీటి వసతి ఉన్న భూమికి నిజంగా నడుస్తున్న కౌలునే తీసుకోవాలి. ఏడాదికి 15,000 అనుకుంటే, రెండు పంటలు పండే భూమి కాబట్టి ఈ పంటకు 7,500. కౌలు వేశాక భూమి విలువ మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. వేస్తే ఒకే ఖర్చును రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

వడ్డీ రెండు రకాలు. బోరు, మోటారు, పైపుల్లాంటి వాటి మీద ఒకటి. కొన్నప్పటి ధర కాదు, ఇప్పటి విలువ చూడాలి. ఎండిపోయిన బోరుకు విలువ లేదు. రెండెకరాలకూ కలిపి ఇప్పటి విలువ 1,20,000 అయితే, 10 శాతం చొప్పున ఏడాదికి 12,000. ఎకరానికి, ఒక పంటకు 3,000. రెండోది పంట పెట్టుబడి మీద. 31,000 మొత్తం మొదటి రోజే పెట్టరు, విడతలుగా పెడతారు. అందుకే అయిదు నెలల పంటకు సగటున రెండున్నర నెలలే లెక్కేయాలి. నూటికి నెలకు రూపాయి చొప్పున 775. మోటారుకో పంటకో అప్పు తెచ్చి ఉంటే, ఆ భాగానికి కట్టిన వడ్డీ పుస్తకంలోనే ఉంటుంది. అప్పు పోను మిగిలిన సొంత డబ్బుకే ఈ లెక్క.

పుస్తకంలో లేనివి మొత్తం 17,275. పట్టిక ప్రకారం మిగులు 4,925. పుస్తకం లాభానికీ పట్టిక మిగులుకూ తేడా సరిగ్గా 17,275 రావాలి. రాకపోతే ఏదో ఒకటి రెండు చోట్లా పడిందనో, ఎక్కడో జారిపోయిందనో అర్థం. క్వింటాకు పడిన ఖర్చు పుస్తకం ప్రకారం 1,375, పట్టిక ప్రకారం దాదాపు 2,095.

ఇదే ఖర్చుతో దిగుబడి 20 క్వింటాళ్లకు పడిపోయిందనుకోండి. పుస్తకంలో ఇంకా 13,000 లాభమే. పట్టికలో 4,275 నష్టం. చేతి డబ్బు పోలేదు, అప్పు వాయిదా కట్టగలరు. కానీ కూలి, కౌలు, వడ్డీ మూడింటికీ కలిపి రావాల్సిన 17,275లో 13,000 మాత్రమే వచ్చింది. అలాగని వెంటనే సాగు మానేయనక్కర్లేదు. ఊళ్లో భూమిని కౌలుకు తీసుకునేవారు లేకపోయినా, మీకు వేరే కూలి పని దొరకకపోయినా, వదులుకున్నది అంతకంటే తక్కువే. మీ నిర్ణయానికి ఆ అంకెలను తగ్గించి చూసుకోవాలి.

మద్దతు ధర విషయంలో రైతు సంఘాల వాదన కూడా దీని మీదే. 2024-25లో సాధారణ వరికి ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్న ఖర్చు క్వింటాకు 1,533. దానికి ఒకటిన్నర రెట్లే 2,300. అది ఎ2+ఎఫ్‌ఎల్ ఖర్చు. అందులో ఇంటివాళ్ల శ్రమ ఉంది, కౌలుకు తీసుకున్న భూమికి చెల్లించిన కౌలు ఉంది, సొంత భూమి కౌలు లేదు. బోరు, మోటారు లాంటి సొంత ఆస్తుల మీద వడ్డీ కూడా లేదు. వ్యవసాయ వ్యయాలు, ధరల కమిషన్ ఈ రెండింటినీ కలిపి సి2 అనే మరో ఖర్చును కూడా లెక్కకడుతుంది. సంఘాలు అడుగుతున్నది ఆ సి2 మీద ఒకటిన్నర రెట్లు.