నురగలో పోయే బీరెంత? ఒక కెగ్ లెక్క

డ్రాఫ్ట్ బీర్ గ్లాసు మీద రెండు వేళ్ల మందాన నురగ ఉంటే చూడ్డానికి బాగుంటుంది. అదే నురగ సగం గ్లాసు దాకా పొంగి, బార్‌లో కుర్రాడు దాన్ని కింద ట్రేలోకి ఒంపేసి మళ్లీ పట్టి, మళ్లీ ఒంపుతుంటే మాత్రం ఓనర్‌కి నష్టం మొదలైనట్టే. ‘నురగే కదా, గాలి... పోతే పోయింది’ అనుకుంటారు చాలామంది. కానీ నురగలో దాదాపు నాలుగో వంతు బీరే ఉంటుంది. అంటే నాలుగు గ్లాసుల నురగ పారబోస్తే ఒక గ్లాసు బీరు పారబోసినట్టు.

హైదరాబాద్‌లో మా పెద్దమ్మ కొడుకుకి ఒక చిన్న బార్ ఉంది. కౌంటర్ కింద ఒక ఫ్రిజ్, అందులో 30 లీటర్ల కెగ్గులు, పైన రెండు ట్యాప్‌లు. అంతే సెటప్. “నువ్వు ఇంజినీర్‌వి కదరా, ఈ నురగ సంగతేందో ఒకసారి చూడరాదూ” అన్నాడు అన్న. నేను రాసేది కోడ్ అయినా, అడిగాడు కదా అని ముందు అమ్మకాల పుస్తకం తిరగేశాను.

వాళ్ల గ్లాసు 500 మిల్లీలీటర్లది. పైన నురగకి చోటు తీసేస్తే అందులో పడే బీరు సుమారు 450 మిల్లీలీటర్లు. 30 లీటర్లని 450తో భాగిస్తే 66 గ్లాసులు రావాలి. కెగ్ మార్చినప్పుడు, చివర్లో గ్యాస్ తన్నినప్పుడు పోయేది రెండు మూడు గ్లాసులు. అది తప్పదు. కాబట్టి 63 న్యాయమైన లెక్క. పుస్తకంలో ఉన్నవి 52! కెగ్‌కి 11 గ్లాసులు, అంటే దాదాపు 5 లీటర్లు మాయం. గ్లాసు 250 రూపాయలు వేసుకున్నా కెగ్‌కి 2,750. వారానికి ఆరు కెగ్గులు నడిచే చోట 16,500 రూపాయలు ట్రేలోంచి మోరీలోకి పోతున్నాయన్నమాట.

ఫ్రిజ్ చెప్పేది గాలి సంగతి

ఎండలో పెట్టిన సోడా మూత తీస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. బీరూ అంతే. అందులో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు కుదురుగా ఉంటుంది, వేడెక్కితే బయటపడాలని చూస్తుంది. మామూలు లాగర్ బీర్‌లో ఉండే గ్యాస్‌ని 3 డిగ్రీల దగ్గర పట్టి ఉంచడానికి సుమారు 12 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతుంది. అదే బీరు 8 డిగ్రీలకి వస్తే 15, 16 పీఎస్ఐ కావాలి. రెగ్యులేటర్ 12 దగ్గరే ఉంటే మిగతా గ్యాస్ పైపులోనే బుడగలై ట్యాప్ దగ్గర నురగలా పొంగుతుంది.

అన్న ఫ్రిజ్ డిస్‌ప్లే మీద 3 అనే ఉంది. కానీ అది చూపించేది లోపలి గాలిని, కెగ్‌లో ఉన్న బీరుని కాదు. బీరు అసలు వేడి తెలియాలంటే ఒక గ్లాసు పట్టి పక్కకి ఒంపి, చల్లబడ్డ అదే గ్లాసులో వెంటనే ఇంకోసారి పట్టి, అందులో థర్మామీటర్ పెట్టాలి. మొదటి గ్లాసుతోనే కొలిస్తే గ్లాసు వేడి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పెట్టి చూస్తే 8 డిగ్రీలు.

కారణం కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మధ్యాహ్నం వ్యాన్‌లో కెగ్ వస్తుంది, సాయంత్రానికి దానికి ట్యాప్ బిగిస్తారు. నిండు కెగ్ అంటే సుమారు 40 కిలోల బరువు. ఫ్రిజ్ గాలికి అంత బీరు నడిమధ్య దాకా చల్లబడాలంటే ఒక పూట చాలదు, పూర్తిగా ఒక రోజు పడుతుంది. పైగా వ్యాన్‌లోంచి దించేటప్పుడు దొర్లించి, ఎత్తేసి దింపుతారు. కదిలిన బీరు కుదుటపడ్డానికీ టైమ్ కావాలి.

అందుకే డెలివరీ రోజు మార్చారు. కెగ్ మీద చాక్‌పీస్‌తో వచ్చిన తేదీ, టైమ్ రాస్తారు. 24 గంటలు దాటకుండా ట్యాప్ బిగించరు. ముందొచ్చింది ముందు వాడతారు. ఇద్దరు పట్టుకుని దించుతారు, నిటారుగానే ఉంచుతారు.

గ్యాస్ తగ్గిస్తే నురగ తగ్గుతుందా?

ఇక్కడే అసలు తిరకాసు. “నురగ ఎక్కువైతే గ్యాస్ తగ్గిస్తం సార్” అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. రెగ్యులేటర్ చూస్తే 8 దగ్గర ఉంది. వినడానికి సబబుగానే అనిపిస్తుంది. ఒత్తిడి తగ్గించగానే బీరు నెమ్మదిగా వస్తుంది కాబట్టి మొదటి కొన్ని గ్లాసులు బాగానే పడతాయి కూడా. కానీ పైనుంచి నొక్కి పట్టే ఒత్తిడి తగ్గాక బీరులోని గ్యాస్ బయటికి రావడం మొదలెడుతుంది. పైపులో బుడగలు కనిపిస్తాయి. నురగ ఇంకా పెరుగుతుంది. చూసి కుర్రాడు ఇంకొంచెం తగ్గిస్తాడు. కెగ్ అడుగుకి వచ్చేసరికి నురగకి నురగ, తాగితే చప్పటి బీరు.

బీరు 3 డిగ్రీలకి వచ్చాక రెగ్యులేటర్‌ని 12కి పెట్టాం. ఆ ఫ్రిజ్‌లో కెగ్ నుంచి ట్యాప్ దాకా 5 అడుగుల సన్నటి పైపు ఉంది. లోపలి వ్యాసం 5 మిల్లీమీటర్ల లోపే. ఆ ఒత్తిడిని పైపే దాదాపు మింగేస్తుంది కాబట్టి ట్యాప్ దగ్గరికి బీరు తొందరపడకుండా వస్తుంది. సెకనుకి 60 మిల్లీలీటర్లు, అంటే గ్లాసు నిండడానికి 8 సెకన్లు పడితే బ్యాలెన్స్ సరిగ్గా ఉన్నట్టు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. పొడవాటి పైపులున్న పెద్ద పబ్బుల్లో, గ్యాస్ ఎక్కువుండే గోధుమ బీర్లకి ఈ 12 అంకె పనికిరాదు. వాటి లెక్క వేరే.

ఎడమ ట్యాప్ మొరాయించింది

మూడు రోజులకి కుడి ట్యాప్ దారికొచ్చింది. ఎడమది మాత్రం రాలేదు. తప్పు కెగ్‌దా, పైపుదా? రెండు కెగ్గుల్నీ అటూ ఇటూ మార్చి బిగించాం. నురగ కెగ్‌తో పాటు వెళ్లలేదు, ఎడమ ట్యాప్ దగ్గరే ఆగింది. అంటే కెగ్ మంచిదే, లైన్ మురికిది.

బీరు పారే పైపు లోపల ఈస్ట్, బ్యాక్టీరియా, ప్రొటీన్ కలిసి జిగురు పొరలా పేరుకుంటాయి. నున్నగా ఉండాల్సిన గోడ గరుకైపోతుంది. ఆ గరుకు మీద గ్యాస్ బుడగలు పుడతాయి. రుచీ చెడుతుంది. వెన్న వాసనో, పులిసిన వెనిగర్ వాసనో వస్తే ముందు అనుమానించాల్సింది లైన్‌నే. వాళ్లు రెండు నెలలకోసారి వేడినీళ్లు పోసి కడుగుతున్నారట. ఆ జిగురుకి ఉత్త నీళ్లు చాలవు.

సరైన పద్ధతి రెండు వారాలకోసారి. కెగ్ మీదుండే కప్లర్ విప్పి, ముందు నీళ్లతో పైపులోని బీరుని తోసేయాలి. తర్వాత బీర్ లైన్ల కోసమే అమ్మే కాస్టిక్ క్లీనర్‌ని దాని లేబుల్ ప్రకారం, మామూలుగా 2 శాతం బలంతో, గోరువెచ్చని నీళ్లలో కలపాలి. చిన్న పంపుతో 15 నిమిషాలు తిప్పాలి. పంపు లేకపోతే పైపు నింపి 20 నిమిషాలు వదిలేయాలి. ఈలోగా ట్యాప్‌ని ముక్కలుగా విప్పి బ్రష్‌తో రుద్దాలి. కప్లర్‌ని కూడా. చివర్లో చల్లటి నీళ్లు వదలాలి. ఎంతసేపు అంటే, బయటికొచ్చే నీళ్లలో ముంచిన పీహెచ్ స్ట్రిప్, కుళాయి నీళ్లలో ముంచిన స్ట్రిప్ ఒకే రంగు చూపించేదాకా. ఈ ఒక్కటి మర్చిపోతే కస్టమర్ గొంతులోకి కాస్టిక్ పోతుంది. కంటితో చూసి ‘శుభ్రంగానే ఉంది’ అనుకోవడం కుదరదు.

చేతులకి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. నీళ్లలో కాస్టిక్ పోయాలి, కాస్టిక్‌లో నీళ్లు పోయకూడదు. క్లీనర్‌ని తొయ్యడానికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడకూడదు. ఆ గ్యాస్ కాస్టిక్‌తో కలిసి దాని బలాన్ని చంపేస్తుంది. కాస్టిక్‌కి లొంగని సున్నపు పెచ్చు కూడా ఒకటుంటుంది, దాన్ని బీర్ స్టోన్ అంటారు. దానికి మూడు నెలలకోసారి యాసిడ్ క్లీనర్ వాడాలి. అయితే మధ్యలో నీళ్లతో బాగా కడిగాకే. రెండిటినీ కలపకూడదు.

“కడిగినప్పుడల్లా పైపులో బీరు పోతది కదరా” అన్నాడు అన్న. ఆ 5 అడుగుల పైపులో పట్టేది 30 మిల్లీలీటర్ల లోపే. ఒక పెగ్గంత!

చేతివాటం

మిగిలింది పట్టే తీరు. నురగకి భయపడి కుర్రాడు ట్యాప్‌ని సగమే తిప్పేవాడు. సన్నటి సందులోంచి బీరు చిమ్ముకొస్తే నురగ పెరుగుతుందే గాని తగ్గదు. ట్యాప్‌ని ఒక్కసారే పూర్తిగా తెరవాలి, పూర్తిగా మూయాలి. గ్లాసుని 45 డిగ్రీలు వంచి, బీరు పక్క గోడ మీంచి జారేలా పట్టాలి. ముప్పావు నిండాక నిలబెట్టి పైన ఒక అంగుళం నురగ రానివ్వాలి. ట్యాప్ మూతి గ్లాసుకీ, బీరుకీ తగలకూడదు. తగిలితే అక్కడి మురికి ఇక్కడికి, ఇక్కడిది అక్కడికి.

ఫ్రీజర్‌లో మంచు పట్టించిన గ్లాసు ఫొటోకి బాగుంటుంది, పనికి బాగోదు. ఆ మంచు గరుకు మీద నురగ పొంగుతుంది. గ్లాసుని చల్లటి నీళ్లతో ఒకసారి తడిపితే చాలు.

సాయంత్రం మొదటి గ్లాసు మాత్రం ఇంకా నురగ కక్కేది. కౌంటర్ పైనున్న ట్యాప్ స్తంభం రోజంతా బయటి వేడికి కాగుతోంది మరి. పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి, ఒక గొట్టంతో చల్లగాలిని ఆ స్తంభంలోకి పంపాం. నా ఫీల్డ్‌కి దగ్గరగా అక్కడ చేసిన పని అదొక్కటే.

నెల తర్వాత పుస్తకంలో కెగ్‌కి 61, 62 గ్లాసులు కనిపిస్తున్నాయి. కొన్న కొత్త సామానంతా ఒక థర్మామీటర్, క్లీనర్ డబ్బా, చేతి పంపు, పీహెచ్ స్ట్రిప్‌లు. కరెంటు పోయి ఫ్రిజ్ గంటలు గంటలు ఆగిన రోజు మాత్రం లెక్క మళ్లీ 57కి పడిపోయింది. ఆ రాత్రి కూడా కుర్రాడి చెయ్యి రెగ్యులేటర్ వైపే వెళ్లిందట. అన్న ఆపి, ముందు థర్మామీటర్ పెట్టమన్నాడట.