మైకు ముందు తడబడకుండా.. ప్రసంగం కాగితం ఇలా సిద్ధం చేసుకోవాలి

నవంబర్ 11, జాతీయ విద్యా దినోత్సవం. స్కూల్లో మౌలానా ఆజాద్ గురించి మాట్లాడాల్సిన పదో తరగతి అమ్మాయి ఇంట్లో పది సార్లు చదువుకుంది. మైకు ముందుకు వెళ్లాక ఒక్కసారి తలెత్తి సభను చూసింది. మళ్లీ కాగితం వైపు చూసేసరికి ఏ లైన్‌లో ఉందో దొరకలేదు. చదివిన వాక్యమే మళ్లీ చదివింది.

తప్పు అమ్మాయిది కాదు, కాగితానిది. 12 సైజు అక్షరాలతో పేజీ నిండా ఒకే పేరా టైప్ చేశారు. ఆ సైజు చేతిలో పట్టుకుని చదవడానికి సరిపోతుంది. పోడియం మీద కాగితం ఇంకా దూరంగా ఉంటుంది, పైగా చూపు మాటిమాటికీ పైకి లేస్తుంది.

ఏ4 కాగితం మీద 24 సైజు బాగా పనికొస్తుంది. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య ఖాళీ కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. లేకపోతే పై లైన్ ఒత్తు కింది లైన్ గుడికి తగులుతుంది. అలాగని 40 సైజు పెడితే నాలుగు మాటలకే పేజీ నిండిపోయి, కాగితాలు తిప్పడమే పనవుతుంది.

అసలు కిటుకు లైన్ ఎక్కడ ఆపాలన్నదే. కంప్యూటర్ దానికి తోచిన చోట విరుస్తుంది, 'కన్నుమూసే' ఒక లైన్‌లో, 'వరకు' ఇంకో లైన్‌లో పడతాయి. ఊపిరి తీసుకునే చోట మనమే Shift+Enter నొక్కి విరవాలి. చిన్న విరామానికి ఒక గీత, పెద్ద విరామానికి రెండు గీతలు. ఆ అమ్మాయి మొదటి వాక్యం ఇలా మారుతుంది:

స్వతంత్ర భారత తొలి విద్యాశాఖ మంత్రి /
మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ //
పద్దెనిమిది వందల ఎనభై ఎనిమిది /
నవంబర్ పదకొండున మక్కాలో జన్మించారు. //

సంవత్సరాన్ని అక్షరాల్లో రాయడం చాదస్తం కాదు. 1888 అని ఉంటే 'పద్దెనిమిది వందల' అనాలా, 'వెయ్యిన్ని ఎనిమిది వందల' అనాలా అని నాలుక ఆగిపోతుంది. పేరు తర్వాత రెండు గీతలు ఎందుకంటే, ఆ పేరు సభ చెవిన పడటానికి కొంత టైమ్ కావాలి. తలెత్తి చూడాల్సింది అక్కడే. ప్రతి లైన్‌కూ గీతలు పెడితే మాత్రం పాఠం అప్పజెప్పినట్టుంటుంది.

పేజీలో కింది మూడో వంతు ఖాళీ వదిలేస్తే తల మరీ కిందికి వంచక్కర్లేదు. వాక్యం ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. కాగితానికి ఒకవైపే ప్రింట్ తీయాలి, పిన్ కొట్టకూడదు, నంబర్లు తప్పకుండా వేయాలి. కాగితాలు చేజారి కిందపడితే కాపాడేది ఆ నంబర్లే.

టెలిప్రాంప్టర్ అయితే లెక్క కొంచెం మారుతుంది. అక్కడ లైన్లు ఇంకా పొట్టిగా ఉండాలి, లేకపోతే కళ్లు అటూ ఇటూ కదలడం కెమెరాలో కనిపిస్తుంది. పెద్ద విరామం దగ్గర గీతలతో పాటు ఒక ఖాళీ లైన్ వదిలితే, స్క్రిప్ట్ జరిపే వ్యక్తికీ ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. 'ఇక్కడ ఆగాలి' అని మాటల్లో మాత్రం రాయకండి. కంగారులో దాన్ని కూడా చదివేస్తారు.

ప్రింట్ తీశాక కాగితాన్ని బల్ల మీద పెట్టి, నిలబడి, ప్రతి రెండు గీతల దగ్గర తలెత్తుతూ చదివించండి. వేలు పెట్టి వెతుక్కున్న చోటల్లా లైన్ మళ్లీ విరవాలి.