గడువు దాటిన జాకెట్టు జాబితాలో కనబడాలంటే

టైలరు షాపులో బిల్లు బుక్కు నంబర్ల వరుసలో నడుస్తుంది. ఎవరు ముందు వచ్చారో అది చెబుతుంది కానీ, ఎవరికి ముందు ఇవ్వాలో చెప్పదు. శ్రావణ మాసం, పెళ్ళిళ్ళ రోజుల్లో గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఫోనులో ఉచితంగా దొరికే గూగుల్ షీట్స్‌తో ఈ లోటు తీర్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న వచ్చింది. 214వ నంబరు బిల్లు మీద ఒకావిడ మూడు జాకెట్లు ఇచ్చారనుకుందాం. రెండు మామూలు లైనింగ్‌వి, ఒకటి మగ్గం వర్క్ పట్టు జాకెట్టు. పట్టు జాకెట్టు 6వ తేదీకల్లా ఇస్తామన్నారు. మగ్గం పని ఉన్న గుడ్డను ముందే కత్తిరించరు. మెడ, చేతులు గుడ్డ మీద గీసి మగ్గానికి పంపి, పని పూర్తయి వచ్చాకే కటింగ్ చేస్తారు. ఆ గుడ్డ షాపులో కళ్ళ ముందు ఉండదు కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తురాదు. లైనింగ్ జాకెట్లు తయారై హ్యాంగరుకు ఎక్కితే ఆ బిల్లు పని అయిపోయినట్టే అనిపిస్తుంది.

అందుకే పట్టికలో బిల్లుకు ఒక వరుస కాదు, ఒక్కో దుస్తుకు ఒక్కో వరుస ఉండాలి. 214 నంబరు మూడుసార్లు వస్తుంది, ఫరవాలేదు. Orders అనే షీటులో A నుంచి H దాకా గళ్ళు ఇలా పెట్టుకోవచ్చు: బిల్లు నంబరు, పేరు, ఫోను, దుస్తు, ఇస్తామన్న తేదీ, పని ఎక్కడుంది, తయారైన తేదీ, తీసుకెళ్ళిన తేదీ.

చివరి రెండు తేదీలూ వేర్వేరుగా ఉండాలి. జాకెట్టు కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి పెట్టాక ఆవిడ నాలుగు రోజులు రాకపోతే అది షాపు చేసిన ఆలస్యం కాదు. అలాంటివి జాబితాలో చేరితే నిజంగా ఆగిపోయినవి వాటి మధ్య మరుగున పడతాయి. కాబట్టి తయారైన తేదీ ఖాళీగా ఉన్నవాటినే వెతకాలి. రెండో షీటులో మొదటి గడిలో ఈ సూత్రం రాస్తే చాలు:

```
=IFNA(SORT(FILTER(Orders!A2:F,
 Orders!E2:E<>"",
 Orders!E2:E<TODAY(),
 Orders!G2:G=""), 5, TRUE),
 "ఆలస్యం లేదు")
```

ఇస్తామన్న తేదీ నిన్నటికో అంతకుముందో దాటిపోయి, ఇంకా తయారుకాని వరుసలను ఇది ఏరి, పాతవి పైన వచ్చేలా పేరుస్తుంది. 7వ తేదీ పొద్దున షీటు తెరిస్తే పట్టు జాకెట్టు అక్కడ ఉంటుంది, పక్కన ‘మగ్గం’ అని కూడా ఉంటుంది. తయారైన తేదీ వేసిన మరుక్షణం అది జాబితాలోంచి తప్పుకుంటుంది.

అయితే 7న తెలిస్తే వ్రతానికి మిగిలేది ఒక్క రోజే. అందుకని అదే సూత్రాన్ని మూడో షీటులో కూడా పెట్టి, `<TODAY()` ఉన్నచోట `<=TODAY()+2` అని మార్చుకోండి. అప్పుడు గడువు దాటినవాటితో పాటు ఇవాళ, రేపు, ఎల్లుండి ఇవ్వాల్సినవీ వస్తాయి. పట్టు జాకెట్టు 4వ తేదీనే కనబడుతుంది, మగ్గం దగ్గరికి మనిషిని పంపడానికి వ్యవధి ఉంటుంది.

ఈ పద్ధతిలో అసలు ప్రమాదం తేదీ రాసే తీరులో ఉంది. ఎవరైనా ‘6వ తారీఖు’ అని టైపు చేస్తే షీటుకు అది తేదీ కాదు, మామూలు అక్షరాలు. తప్పు జరిగిందని ఏ హెచ్చరికా రాదు. ఆ ఆర్డరు ఎన్ని రోజులు ఆగినా ఆలస్యం జాబితాలోకి రాదు, యజమాని అంతా బాగానే ఉందనుకుంటారు. కనిపెట్టే గుర్తు ఒకటుంది: మనం అమరిక మార్చకపోతే, నిజమైన తేదీ గడిలో కుడివైపుకు, అక్షరాలు ఎడమవైపుకు జరిగి ఉంటాయి. షీటు సెట్టింగులు అమెరికాకు ఉంటే మరో చిక్కు. 6/8 అంటే జూన్ 8 అయిపోయి, నిన్న తీసుకున్న ఆర్డరు రెండు నెలల ఆలస్యంగా కనబడుతుంది. 13/8 అయితే అసలు తేదీగానే తీసుకోదు. కంప్యూటరులో File, Settings లోకి వెళ్ళి Locale దగ్గర India పెట్టి, Time zone కూడా మన దేశానిదే ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత E గడి మొత్తానికి Data validation లో తేదీ తప్ప మరేదీ ఒప్పుకోకుండా Reject the input ఎంచుకోవాలి. తేదీ వేయకుండా వదిలేసిన వరుసను మాత్రం ఇది కూడా ఆపలేదు. బిల్లు చింపి ఇచ్చేముందే తేదీ వేయడం కౌంటరులో ఉన్నవాళ్ళ పని.

గడువు దాటబోతోందని E గడిలో తేదీని ముందుకు జరపకండి. కొత్త తేదీకి ఒప్పుకున్నారంటే దాన్ని చివర వేరే గడిలో రాసుకోండి. మొదట చెప్పిన తేదీ అలాగే ఉంటేనే నెలాఖరున పట్టిక తిరగేసినప్పుడు నిజం తెలుస్తుంది. ఆలస్యమైనవి ఎక్కువగా మగ్గం పనివే అయితే కుట్టేవాళ్ళను తొందరపెట్టి లాభం లేదు. తర్వాతి సీజనులో మగ్గం జాకెట్లకు ఇంకో నాలుగైదు రోజులు కలిపి తేదీ చెప్పాలి.